డాక్టరుకే తెలియని ఇంజెక్షన్

మొన్న ఆదివారం మా పెదనాన్న గాజువాక నుంచి ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి వచ్చారు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ళుగా కుడి మోకాలు నొప్పి. గుజ్జు అరిగిపోయిందని చెప్పించుకుని, మాత్రలు మింగుతూ, బెల్టు కట్టుకుంటూ నెట్టుకొస్తున్నారు. ఈసారి ఆయన చేతిలో పద్నాలుగు పేజీల సమ్మతి పత్రం ఉంది. ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో మోకాలికి ఇచ్చే కొత్త ఇంజెక్షన్ మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోందట. చేరతారా అని అడిగారట. అది నేను పనిచేసే ఆసుపత్రి కాదు. కానీ నేను పదకొండేళ్ళుగా ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి, సంతకం పెట్టే ముందు నన్ను అడగాలని వచ్చారు.

ఆయన ఆరో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత గీసుకుని ఉన్నారు. మీకు మందు గానీ, సెలైన్ గానీ ఇస్తాం, ఏది ఇచ్చామో మీకు గానీ మిమ్మల్ని పరీక్షించే డాక్టరుకు గానీ తెలియదు అని దాని సారాంశం.

"ఏటమ్మా ఇది? ఉప్పునీళ్ళు పొడిచి మందని చెప్తారా? పైగా డాక్టరుకే తెలీదంటే ఆయన చూసేదేటి, నేను చూపించుకునేదేటి?"

ఈ ప్రశ్న నేను ఏటా ఎంతోమంది దగ్గర వింటాను. దీనికి మాలో చాలామంది ఇచ్చే జవాబు నాకు నచ్చదు. "అది రూలండీ" అంటారు. లేదా "నమ్మకంతో కూడా నొప్పి తగ్గుతుంది కదండీ, అందుకని" అంటారు. రెండోది సగం నిజం. ఆ సగం నిజమే పేషెంట్లను ఎక్కువ అయోమయంలో పడేస్తుంది. నమ్మకంతోనే తగ్గేదైతే నా నొప్పి ఉత్తిదా అని మనసు కష్టపెట్టుకున్నవాళ్ళను నేను చూశాను. సెలైన్ పడినవాళ్ళకు నొప్పి తగ్గితే అందులో ఎక్కువ భాగం నమ్మకం చేసిన పని కాదు. పెదనాన్నకు ముందు ఇదే చెప్పాను, ఆయన మోకాలినే ఉదాహరణగా తీసుకుని.

ఆషాఢంలో ఆయన సింహాచలం గిరి ప్రదక్షిణ చేశారు. ముప్పై రెండు కిలోమీటర్లు, రాత్రంతా నడక. ఎవరు వద్దన్నా వినలేదు. మర్నాటికి మోకాలు వాచిపోయింది. మెట్టు దిగలేకపోయారు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ట్రయల్ సంగతి ఆయన చెవిన పడింది.

మోకాలి నొప్పి ట్రయల్స్‌లో నొప్పిని కొలవడానికి వంద మిల్లీమీటర్ల గీత ఒకటి ఇస్తాం. ఎడమ చివర సున్నా, అంటే నొప్పి లేదు. కుడి చివర వంద, అంటే భరించలేనంత. ఈ వారం ఎలా ఉందో గీత మీద ఒక గుర్తు పెట్టమంటాం. సాధారణంగా ఒక హద్దు ఉంటుంది, ఉదాహరణకు నలభై దాటినవాళ్ళనే చేర్చుకుంటారు. నొప్పే లేనివాళ్ళలో మందు పని చేసిందో లేదో తెలియదు కదా. ఇప్పుడు ఆలోచించండి. పెదనాన్న నొప్పి మామూలు రోజుల్లో యాభై దగ్గర ఉంటుందనుకుందాం. ఒక వారం ముప్పై ఐదు, ఒక వారం అరవై ఐదు, అలా ఊగుతుంటుంది. ప్రదక్షిణ తర్వాత డెబ్భై. ఆయన ఆసుపత్రికి వెళ్ళింది ఆ డెబ్భై రోజున. నాలుగు వారాల తర్వాత మళ్ళీ గుర్తు పెట్టమంటే, ఏ ఇంజెక్షన్ పడినా, ఏదీ పడకపోయినా, అది యాభై దగ్గరికి దిగి వస్తుంది. ఇరవై తగ్గింది. ఎవరూ ఏమీ చేయలేదు.

ట్రయల్‌లో చేరేవాళ్ళంతా ఇలాగే తమ చెడ్డ వారంలో వస్తారు. మంచి వారంలో ఉన్నవాడు ఆసుపత్రికి రాడు, వచ్చినా ఆ నలభై హద్దు దాటడు. అందుకే చేరిన అందరి సగటూ ఆ తర్వాత కిందికి జారుతుంది. ప్లాసిబో వల్ల, అంటే మందులా కనిపించే ఉత్తి మందు వల్ల తగ్గింది అని మనం అనేదానిలో పెద్ద వాటా ఇదే.

దీని మీద ఇంకొంత చేరుతుంది. ట్రయల్‌లో ఉన్నవాళ్ళకు మేము ఫోన్ చేస్తాం, రాగానే కుర్చీ వేస్తాం, బస్సు ఛార్జీలు ఇస్తాం, పేరు పెట్టి పలకరిస్తాం. మూడో విజిట్‌కి వచ్చేసరికి వాళ్ళకు మా మీద అభిమానం ఏర్పడుతుంది. అప్పుడు గీత చేతికిస్తే, యాభై ఐదు దగ్గర పెట్టాల్సిన గుర్తు నలభై ఎనిమిది దగ్గర పడుతుంది. అది అబద్ధం కాదు. ఇంత చూసుకుంటున్నారు, తగ్గలేదని ఎలా చెప్పేది అనే మొహమాటం. మనవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. గీత ఇచ్చేటప్పుడు నేను కావాలనే పక్కకు తిరిగి కూర్చుంటాను.

మరి నిజమైన ప్లాసిబో ప్రభావం లేదా? ఉంది. 1978లో కాలిఫోర్నియాలో జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది. ఉత్తి మందుతో నొప్పి తగ్గిందన్నవాళ్ళకు నాలోక్సోన్ అనే మందు ఇస్తే వాళ్ళ నొప్పి మళ్ళీ పెరిగింది. నాలోక్సోన్ చేసే పని మార్ఫిన్ లాంటివాటిని అడ్డుకోవడం. అంటే వాళ్ళ శరీరమే సొంతంగా నొప్పి తగ్గించే పదార్థాలను విడుదల చేసిందన్నమాట. అది ఊహ కాదు. కాబట్టి ఉప్పునీళ్ళతో నొప్పి తగ్గితే మీ నొప్పి ఉత్తిదేమీ కాదు.

అయితే అది ఎంత అన్నదే అసలు ప్రశ్న. 1955లో బీచర్ అనే అమెరికా డాక్టరు ఉత్తి మందుతో దాదాపు ముప్పై ఐదు శాతం మందికి ఉపశమనం దొరుకుతుందని రాశాడు. ఆ మూడో వంతు లెక్క ఇప్పటికీ ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. కానీ ఆయన లెక్కలో తనంతట తాను తగ్గినదీ, మొహమాటంతో చెప్పినదీ అన్నీ కలిసిపోయాయి. వాటిని విడదీయాలంటే ఉత్తి మందు ఇచ్చినవాళ్ళ పక్కన అసలేమీ ఇవ్వని గుంపు కూడా ఉండాలి. 2001లో డెన్మార్క్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు అలాంటి ట్రయల్స్ నూటికి పైగా పోగుచేసి చూశారు. చాలా జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పిలో కనిపించింది, అది వంద మిల్లీమీటర్ల గీత మీద సగటున ఆరున్నర. అందులో కూడా కొంత మొహమాటం ఉండొచ్చని వాళ్ళే రాశారు. ఎందుకంటే ఏమీ ఇవ్వని గుంపులో ఉన్నవాళ్ళకు తమకేమీ ఇవ్వలేదని తెలుసు, వాళ్ళ దగ్గర దాచడానికి ఏమీ లేదు.

ఇప్పుడు పెదనాన్న లెక్కకు వద్దాం. సెలైన్ గుంపులో డెబ్భై కాస్తా నలభై అయింది అనుకుందాం. తగ్గింది ముప్పై. అందులో నమ్మకం వాటా ఆరో ఏడో. మిగతాదంతా నొప్పి తన మామూలు స్థాయికి దిగడం, కొంత మొహమాటం. మందు గుంపులో ముప్పై రెండు తగ్గిందనుకుందాం. ఒక్క ఆ గుంపునే చూస్తే ఎవరైనా అద్భుతం అంటారు. పేషెంటు తన అనుభవంతో చెబుతాడు, డాక్టరు తన కళ్ళతో చూశానంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. కానీ మందు చేసిన పని రెండే రెండు.

ఆ రెండు నేను ఊరికే వేసిన అంకె కాదు. మోకాళ్ళకు ఇచ్చే జెల్ ఇంజెక్షన్, అంటే హైల్యురానిక్ యాసిడ్, మన ఊళ్ళోనూ వేల రూపాయలు పెట్టి చాలామంది వేయించుకుంటున్నారు. దాని మీద ప్లాసిబోతో పోల్చి చేసిన పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన విశ్లేషణ 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వంద మిల్లీమీటర్ల గీత మీద సెలైన్‌కూ జెల్‌కూ తేడా సుమారు రెండు మిల్లీమీటర్లు. మనిషికి తెలిసేంత తేడా కాదది. వేయించుకున్నవాళ్ళు బాగుందన్నారంటే అందులో అబద్ధం లేదు, వాళ్ళకు నిజంగానే తగ్గింది. ఆ తగ్గుదలకు ధర కట్టి అమ్మిన వస్తువు వేరు, తగ్గించినది వేరు.

"అయితే ఆపరేషన్ అలాక్కాదు కదా, కోసి శుభ్రం చేస్తారు" అన్నారు పెదనాన్న. ఆయన స్నేహితుడొకరికి మోకాలి లోపల గొట్టం పెట్టి కడిగించారట. దానికి నాకు గుర్తొచ్చింది 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మోస్లీ అనే ఎముకల డాక్టరు బృందం ప్రచురించిన ట్రయల్. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో చదివాను, ఇప్పటికీ మరిచిపోలేను.

అరిగిన మోకాళ్ళున్న నూట ఎనభై మందిని మూడు గుంపులుగా చీటీ తీసినట్టు విడదీశారు. ఒక గుంపుకు మోకాలి లోపల గరుకుగా ఉన్నదంతా గీకి కడిగారు. రెండో గుంపుకు ఉత్తినే కడిగారు. మూడో గుంపుకు చర్మం మీద సెంటీమీటరు పొడవు గాట్లు మూడు పెట్టి కుట్టేశారు, మోకాలి లోపలికి పరికరమే పోలేదు. పేషెంటు థియేటర్‌లోకి వచ్చాకే డాక్టరు కవరు విప్పి ఏ గుంపో చూసుకునేవాడు. మూడో గుంపు అయితే పరికరాలన్నీ అడిగి తీసుకుంటూ, కాలిని అటూ ఇటూ వంచుతూ, నీళ్ళ చప్పుడు కూడా వినిపించేలా చేసి, నిజం ఆపరేషన్‌కి పట్టేంతసేపు ఆ పేషెంటును లోపలే ఉంచేవాడు. ఆ రాత్రి చూసుకునే నర్సులకు అది ఏ గుంపో తెలియదు. రెండేళ్ళపాటు నొప్పి కొలిచినవాళ్ళకూ తెలియదు.

రెండేళ్ళ తర్వాత వంద పాయింట్ల కొలత మీద సగటు నొప్పి గీకినవాళ్ళకు 51.4, ఉత్తి గాట్లు పడినవాళ్ళకు 51.6. కడిగినవాళ్ళకు 53.7. తేడా లేదు. అప్పటిదాకా అమెరికాలో ఏటా లక్షల్లో జరుగుతున్న ఆపరేషన్ అది. చేసే డాక్టర్లు మోసగాళ్ళు కారు. ఆపరేషన్ అయ్యాక తేలిగ్గా నడిచి వెళ్తున్న పేషెంట్లను వాళ్ళు కళ్ళారా చూశారు. ఉత్తి గాట్లు పెట్టి చూడనంతకాలం, ఆ తేలిక దేనివల్ల వచ్చిందో తెలుసుకునే దారి వాళ్ళకు లేదు.

మోసం గురించి పెదనాన్న అడిగినదానికి కూడా ఆ ట్రయల్‌లోనే జవాబుంది. చేరేముందు ప్రతి పేషెంటూ తన చేతి రాతతో రాయాల్సి వచ్చింది, నాకు ఉత్తి ఆపరేషన్ మాత్రమే జరగవచ్చు, దానివల్ల నా మోకాలికి మేలు జరగదు అని తెలిసే చేరుతున్నాను అని. అర్హులైనవాళ్ళలో నూట నలభై నాలుగు మంది వద్దని వెళ్ళిపోయారు కూడా. మోసం అంటే ఇచ్చింది ఒకటి, చెప్పింది ఒకటి. ఇక్కడ రెండింటిలో ఏదో ఒకటి పడుతుందని ముందే చెబుతున్నారు, ఏది పడిందో ట్రయల్ ముగిసేదాకా అడగవద్దని ఒప్పుకోమంటున్నారు. ఆ ఒప్పందం ఇష్టం లేకపోతే పోవద్దు. అదే నేను ఆయనకు చెప్పాను.

ఇక డాక్టరుకు ఎందుకు తెలియకూడదు? పేషెంటు కన్నా డాక్టరు కంటికే గంతలు కట్టడం ముఖ్యమని నా అభిప్రాయం. కెనడాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు మీద ఒక ట్రయల్ జరిగింది. అందులో ఒకే పేషెంటును ఇద్దరు న్యూరాలజిస్టులు విడివిడిగా పరీక్షించేవారు, ఒకరికి ఏ చికిత్స నడుస్తోందో తెలుసు, ఇంకొకరికి తెలియదు. తెలిసినవాళ్ళ మార్కుల ప్రకారం ఒక చికిత్స పనిచేస్తున్నట్టు కనిపించింది. తెలియనివాళ్ళ మార్కుల్లో ఏమీ కనిపించలేదు. ఈ సంగతి 1994లో అచ్చయింది. పేషెంటు అదే, శరీరం అదే, అనుభవమున్న డాక్టర్లే. తెలియడం ఒక్కటే తేడా. పెదనాన్న మోకాలిని వంచి చూసి "ఎంతవరకు వంగుతోంది" అని రాసుకునే డాక్టరుకు కూడా ఇదే జరుగుతుంది. మందు పడిన మోకాలని తెలిస్తే ఇంకొంచెం నెట్టి చూస్తాడు.

కాగితం మీద ఇదంతా సులువే. చేతుల్లోకి వచ్చేసరికి గంతలు జారిపోతుంటాయి. మోకాలి ఇంజెక్షన్ సంగతే చూడండి. జెల్ చిక్కగా ఉంటుంది, సెలైన్ నీళ్ళలా ఉంటుంది. పిస్టన్ నొక్కినవాడికి బొటనవేలికే తెలిసిపోతుంది. అందుకని ఇంజెక్షన్ చేసే డాక్టరు వేరుగా ఉంటారు, ఆయనకు తెలిసినా ఫరవాలేదు, కానీ ఆయన పేషెంటుతో ఫలితం గురించి మాట్లాడకూడదు. ఆ తర్వాత పరీక్షించే డాక్టరు ఇంకొకరు. సిరంజికి లోపలిది కనబడని తొడుగు వేస్తారు, పేషెంటు మోకాలు కనబడకుండా అడ్డంగా గుడ్డ కడతారు.

ఇన్ని చేసినా ఒకసారి నా చేతుల మీదే తప్పు జరిగింది. చాలా ఏళ్ళ కిందట, నేను అప్పుడు పనిచేసిన చోట, మందు ఫ్రిజ్‌లో ఉంచాల్సినది. సెలైన్‌కి ఆ అవసరం లేదు కాబట్టి బీరువాలో ఉండేది. ఎవరికీ అది తప్పని తోచలేదు, నాకూ తోచలేదు. రెండో నెలలో ఒక పెద్దావిడ బయట బెంచీ మీద పక్కావిడతో అంటుంటే విన్నాను: "నాకు చల్లగా దిగిందమ్మా, నాది మందే. నీకు చల్లగా లేదా? అయితే నీది నీళ్ళే." కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆ బెంచీ మీద అంతమందీ ఒకరినొకరు అడిగి తెలుసుకుంటున్నారు. చల్లదనం తగలనివాళ్ళు అప్పటికే నిరుత్సాహంగా గుర్తులు పెట్టి ఉండొచ్చు. స్పాన్సర్‌కూ ఎథిక్స్ కమిటీకీ రాసి పంపాం. ఆ రోజు నుంచి రెండూ ఒకే ఫ్రిజ్‌లో పెట్టి, ఒకే సమయానికి బయటికి తీసి, గది వేడికి వచ్చాకే ఇచ్చాం. అప్పటికే చేరినవాళ్ళ లెక్కలను మాత్రం తిరిగి బాగుచేయలేకపోయాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 1975లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ తన ఉద్యోగుల మీద జలుబుకు విటమిన్ సి పనిచేస్తుందా అని చూసిన ట్రయల్ ప్రచురించింది. విటమిన్‌కి బదులు ఇచ్చిన ఉత్తి క్యాప్సూల్‌లో పాల చక్కెర ఉంది. ఊరుకోలేక కొందరు క్యాప్సూల్ విప్పి నాలుక మీద వేసుకున్నారు. పుల్లగా లేకపోతే తెలిసిపోయినట్టే. జలుబు కొంచెం త్వరగా తగ్గినట్టు మొదట లెక్క వచ్చింది. తాము ఏది తింటున్నదీ కనిపెట్టలేకపోయినవాళ్ళను మాత్రమే విడిగా చూస్తే ఆ తేడా మాయమైంది.

గంతలు నిలిచాయో లేదో తెలుసుకోవడానికి పేషెంట్లనే అడుగుతాం: మీకు ఏది పడిందనుకుంటున్నారు? రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఊహిస్తే నిలిచినట్టు. మోస్లీ ట్రయల్‌లో అలాగే నిలిచాయి. అయితే ఈ ప్రశ్న ఎప్పుడు అడిగామన్నది ముఖ్యం. ఆరు నెలల తర్వాత అడిగితే, మందు నిజంగా పనిచేసి నొప్పి పోయినవాడు సహజంగానే "నాది మందే" అంటాడు. అది గంతలు జారడం కాదు, మందు గొప్పతనం. అందుకే మొదటి రోజుల్లో, ఫలితం రాకముందే అడగాలి. ఆ వయసులో ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ చల్లదనం సంగతి మొదటి వారంలోనే బయటపడేది.

సెలైన్ గుంపు పెట్టడం తప్పయ్యే చోట్లు కూడా ఉన్నాయి. న్యుమోనియా వచ్చినవాడికి పనిచేసే మందు ఉండగా ఉత్తి బిళ్ళ ఇవ్వడం నేరం. అక్కడ కొత్త మందును పాత మందుతోనే పోల్చాలి. గంతలు అప్పుడూ కట్టొచ్చు. పాతది ఎర్ర బిళ్ళ, కొత్తది తెల్ల బిళ్ళ అయితే, ప్రతివాడికీ రెండు రంగులవీ ఇస్తారు, అందులో ఒకటి అసలుది, ఒకటి ఉత్తిది. మన దేశంలో 2019 నాటి క్లినికల్ ట్రయల్ నియమాల ప్రకారం, ఉన్న చికిత్సను ఇవ్వకుండా ప్లాసిబో ఇవ్వడం వల్ల హాని జరిగితే దానికీ నష్టపరిహారం ఇవ్వాలి. మోకాలి అరుగుదలలో ఆరు నెలలు ఉప్పునీళ్ళతో గడిపితే మోకాలు పాడైపోదు, పైగా ఓర్చుకోలేనప్పుడు పారాసిటమాల్ వేసుకోనిస్తారు. ఎన్ని వేసుకున్నదీ రాసుకోవాలి, అంతే. అది కూడా ఆయన పత్రంలో తొమ్మిదో పేజీలో ఉంది. ఏదైనా ప్రమాదం వస్తే ఏ గుంపో వెంటనే విప్పి చూసే ఏర్పాటు, దానికి ఫోన్ నంబరు కూడా ఉన్నాయి. ట్రయల్ రిజిస్టర్ అయిందో లేదో మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఇద్దరం కలిసి వెతికాం. దొరికింది. ముఖ్యంగా కొలిచేది నొప్పి గీత, ఇరవై ఆరో వారంలో అని ముందే రాసి ఉంది.

సాయంత్రం బస్సెక్కించడానికి వెళ్తుంటే ఆయన దారంతా ఏమీ మాట్లాడలేదు. బస్టాపులో నిలబడ్డాక, "మరి నాకు నీళ్ళే పడితే?" అన్నారు. "పడొచ్చు పెదనాన్నా. సగానికి సగం అవకాశం. పడితే, మీ మోకాలు మందు లేకుండా ఎంతవరకు తగ్గుతుందో తెలుస్తుంది. అది తెలియకుండానే ఇన్నాళ్ళూ మనవాళ్ళు జెల్‌కి డబ్బులు పోశారు" అన్నాను. ఆయన తలూపారు. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు.

బుధవారం ఆయన ఒక్కరే ఆ ఆసుపత్రికి వెళ్ళారు. సంతకం పెట్టకముందు అక్కడి కోఆర్డినేటర్‌ని ఒకటే అడిగారట: "రెండు సూదులూ ఒక్కలాగే చల్లగా ఉంటాయా అమ్మా?" ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేక ఫార్మసీ గదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే పుస్తకం తెచ్చి చూపించిందట. రెండూ ఒకే అరలో ఉన్నాయి. మొదటి ఇంజెక్షన్ వచ్చే సోమవారం.